మెత్తని బంకమట్టిలో దగ్గర దగ్గరగా పైల్స్: ఎఫిషియెన్సీ 0.56 తీసుకోవాలా, 1.0 తీసుకోవాలా?

ప్రశ్న: నమస్కారమండీ. చెన్నైలో పళ్ళికరణై వైపు ఒక ఐదంతస్తుల భవనానికి సైట్ ఇంజినీరుగా పని చేస్తున్నాను. సరిహద్దు గోడ పక్కనున్న ఒక కాలమ్ కింద 400 మి.మీ. వ్యాసం, 12 మీటర్ల పొడవున్న బోర్డ్ పైల్స్ 4×4 వరుసల్లో మొత్తం 16 వేయాలని డ్రాయింగ్ వచ్చింది. క్యాప్‌కు 3.2 మీటర్ల చోటే ఉంది కాబట్టి స్పేసింగ్ 800 మి.మీ. పెట్టారు. కాలమ్ లోడు 1,700 కిలోన్యూటన్లు. సాయిల్ రిపోర్టు ప్రకారం 18 మీటర్ల దాకా బంకమట్టి, దాని కింద గట్టి ఇసుక, ఆ కింద శిథిల శిల. టెస్ట్ పైల్ పాసయింది. డిజైన్ సరిచూసినాయన కాన్వర్స్-లబార్ సూత్రంతో గ్రూపు ఎఫిషియెన్సీ 0.56 అంటున్నారు. కాంట్రాక్టరేమో బంకమట్టిలో 1.0 తీసుకోవచ్చు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం:

ఈ విషయంలో ఇద్దరి మాటా నమ్మకండి. ఒకాయన మట్టిని చూడకుండా తగ్గించారు, రెండో ఆయన స్పేసింగ్‌ను చూడకుండా వదిలేశారు. అయితే మీ డ్రాయింగ్‌లో అసలు ఇబ్బంది ఎఫిషియెన్సీ కాదు. అది చివర్లో తేలుతుంది, వరుసగా వస్తాను.

పైల్స్ విడివిడిగా మోయగలిగే మొత్తంలో గ్రూపుగా ఎంత వంతు మోస్తాయో చెప్పేదే ఎఫిషియెన్సీ. ముందు కాన్వర్స్-లబార్ సంగతి. ఆ సూత్రంలో ఏమేమి ఉన్నాయో ఒకసారి చూడండి. పైల్ వ్యాసం, పైల్స్ మధ్య దూరం, అడ్డ నిలువు వరుసల సంఖ్య, అంతే. మట్టి ఏ రకమో అడగదు. పైల్ 12 మీటర్లా, 30 మీటర్లా అని కూడా అడగదు. మీ 4×4 గ్రూపు పళ్ళికరణై చిత్తడిలో ఉన్నా, మెరీనా ఇసుకలో ఉన్నా దాని జవాబు 0.56. స్పేసింగ్‌ను వ్యాసానికి మూడు రెట్లు చేసినా 0.69 దగ్గరే ఆగిపోతుంది. మీ మట్టికే గ్రూపంతటినీ ఒకే దిమ్మెగా భావించే బ్లాక్ లెక్క వేస్తే ఆ దూరంలో తగ్గింపు అవసరం లేదని వస్తుంది. పాత రోజుల్లో చేతి లెక్కకు సులువని అలవాటైన సూత్రమిది. నేనైతే బంకమట్టిలో దీన్ని ఫైలులో కూడా పెట్టను.

ఇప్పుడు జరిగేది ఏమిటో చూద్దాం. ఒంటరి పైల్ మీద బరువు పెంచుతూ పోతే, పైల్‌కూ దాన్ని ఆనుకున్న మట్టికీ మధ్య జారుడు మొదలై పైల్ ఒక్కటే దిగుతుంది. పైల్స్‌ను బాగా దగ్గరగా వేస్తే వాటి మధ్య చిక్కుకున్న మట్టికి పక్కకు జారే వీలుండదు. అది పైల్స్‌ను పట్టుకుని వాటితోపాటే దిగుతుంది. జారుడు తలం ఒక్కో పైల్ చుట్టూ కాకుండా, బయటి వరుస పైల్స్‌ను కలుపుతూ మొత్తం గ్రూపు చుట్టూ ఏర్పడుతుంది. తాడుతో బిగించి కట్టిన కట్టెల మోపును బురదలో దించితే కట్టెలు విడివిడిగా దిగవు, మోపంతా దిగుతుంది. 1957లో విటేకర్ ఇంగ్లండులో బంకమట్టిలో నమూనా పైల్ గ్రూపులపై చేసిన ప్రయోగాల్లో ఇదే కనిపించింది. ఒక హద్దు కన్నా దూరంగా ఉన్నప్పుడు పైల్స్ ఎవరికి వారుగా దిగాయి. ఆ హద్దు దాటి దగ్గరకు తెస్తే మధ్యలోని మట్టితో కలిసి ఒకే దిమ్మెలా దిగాయి, అక్కడి నుంచి ఎఫిషియెన్సీ వేగంగా పడిపోయింది.

అందుకే టెర్జాగీ, పెక్ కాలం నుంచీ బంకమట్టిలో చేసే పని ఒక్కటే. పైల్స్ విడివిడి సామర్థ్యాల మొత్తం ఒకవైపు, గ్రూపును ఒకే దిమ్మెగా భావించి కట్టిన సామర్థ్యం ఇంకోవైపు లెక్కించి, తక్కువది తీసుకోవడం. పైల్ పునాదుల భారతీయ కోడ్ ఐఎస్ 2911 చెప్పేదీ ఇదే. ఎఫిషియెన్సీ ఈ లెక్క నుంచి బయటికి వచ్చే సంఖ్య. బయటి నుంచి తెచ్చి లెక్కలో పడేసే సంఖ్య కాదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బ్లాక్ ఫెయిల్యూర్ గట్టి బంకమట్టిలో కన్నా మెత్తని బంకమట్టిలోనే ఎక్కువ ప్రమాదం. గట్టి బంకమట్టిలో పైల్ ఒంటికి మట్టి పూర్తిగా అతుక్కోదు, కోత బలంలో సగం అటూ ఇటూ మాత్రమే అతుకుగా దొరుకుతుంది. అందుకే ఆ వంతును చెప్పే ఆల్ఫా గుణకం తక్కువ. దిమ్మె చుట్టూ కోత మాత్రం ప్రధానంగా మట్టికీ మట్టికీ మధ్య పడుతుంది కాబట్టి అక్కడ కోత బలం పూర్తిగా పని చేస్తుంది. ఫలితంగా ఒంటరి పైల్స్ మొత్తం చిన్నదవుతుంది, దిమ్మె సామర్థ్యం పెద్దదవుతుంది, దిమ్మె లెక్క సాధారణంగా అడ్డురాదు. మెత్తని బంకమట్టిలో, అంటే కోత బలం 40 కిలోపాస్కల్స్ లోపు ఉన్నచోట, ఆల్ఫా 1 తీసుకుంటాం. ఒంటరి పైల్‌కు కూడా పూర్తి అతుకు లెక్క కట్టేస్తాం. దాంతో పైల్స్ మొత్తం పెరిగిపోయి దిమ్మెను దాటేస్తుంది.

మీ సైట్‌కే లెక్క వేద్దాం. కోత బలం మీరు రాయలేదు. అలాంటి మట్టిలో పై రెండు మూడు మీటర్లు ఎండి కాస్త గట్టిపడి, కింద మెత్తగా మొదలై లోతుతోపాటు మెల్లగా పెరగడం మామూలే. అందుకని పైల్ పొడవునా సగటు 20 కిలోపాస్కల్స్, కొన దగ్గర 25 అనుకుంటున్నాను. మీ రిపోర్టులోని సంఖ్యలు వేరైతే వాటినే పెట్టి తిరిగి లెక్క కట్టండి.

```
ఒక పైల్  : π×0.4×12×20 + 9×25×0.126 = 302 + 28 = 330 kN
16 పైల్స్ : 16×330 = 5280 kN
దిమ్మె B : 3×0.8 + 0.4 = 2.8 m
దిమ్మె   : 4×2.8×12×20 + 9×25×2.8² = 2688 + 1764 = 4452 kN
ఎఫిషియెన్సీ : 4452/5280 = 0.84
```

స్పేసింగ్ 800 మి.మీ. ఉన్నప్పుడు దిమ్మెదే తక్కువ. భద్రతా గుణకం 2.5తో భాగిస్తే 1,780 కిలోన్యూటన్లు వస్తుంది, మీ 1,700 లోడుకు అంచున సరిపోతుంది. కాంట్రాక్టరు పద్ధతిలో 2,112 వచ్చి హాయిగా ఉందనిపిస్తుంది. కాన్వర్స్-లబార్ పద్ధతిలో 1,176 వచ్చి అసలు కుదరదనిపిస్తుంది. స్పేసింగ్‌ను 1,200 మి.మీ. చేస్తే దిమ్మె వెడల్పు 4 మీటర్లు, సామర్థ్యం 7,440 కిలోన్యూటన్లు. అప్పుడు పైల్స్ మొత్తమే తక్కువ, కాబట్టి దిమ్మె గురించి బెంగ అక్కరలేదు. అంటే కాంట్రాక్టరు మాట తప్పు కాదు, మీరు డ్రాయింగ్‌లో పెట్టని స్పేసింగ్‌కు వర్తించే మాట.

రెండు సామర్థ్యాలూ సమానమయ్యే దూరం ఎంతో చూస్తే మీ గ్రూపుకు 920 మి.మీ. వస్తుంది. వ్యాసానికి 2.3 రెట్లు. ఇది స్థిరమైన సంఖ్య అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇదే మట్టి, ఇదే పైల్, కానీ 8×8 గ్రూపు అనుకోండి. హద్దు 2.8 రెట్లకు పెరుగుతుంది. 12×12 గ్రూపులో 3 రెట్లు దాటుతుంది. కారణం తేలికే. పైల్స్ సంఖ్య వరుసల వర్గంతో పెరుగుతుంది, దిమ్మె చుట్టుకొలత మాత్రం వరుసలతోపాటే పెరుగుతుంది. పైగా దిమ్మె వెడల్పై లోతు తక్కువగా కనిపించేసరికి అడుగున వేసే 9 అనే గుణకం కూడా తగ్గి 7 దగ్గరకు వస్తుంది. లోతు వెడల్పుకు రెండున్నర రెట్లు ఉన్నంతవరకే ఆ 9 నిలుస్తుంది. ఘర్షణ మీద ఆధారపడే పైల్స్‌కు కోడ్ చెప్పే మూడు రెట్ల కనీస దూరం చిన్నాచితకా గ్రూపులకు సరిపోతుంది. ట్యాంకు కిందో సైలో కిందో నూటికి పైగా పైల్స్ వేసేవాళ్ళు మూడు రెట్లు పెట్టాం కదా అని దిమ్మె లెక్క మానేయకూడదు.

ఇంకో మెట్టు దిగుదాం. తక్కువది తీసుకోవడం అంటే రెండు గీతలు కలిసేచోట పదునైన మూల ఉంటుందని ఊహించడం. మట్టికి అలాంటి మూలలు తెలియవు. ఆ హద్దు చుట్టుపక్కల కొంత ఒంటరి జారుడు, కొంత దిమ్మె జారుడు కలిసి జరుగుతాయి. పౌలోస్, డేవిస్ 1980లో సూచించిన పద్ధతిలో రెండు సామర్థ్యాల వర్గాల విలోమాలను కూడుతారు:

```
1/Pg² = 1/5280² + 1/4452²   →   Pg = 3404 kN
```

దీన్ని 2.5తో భాగిస్తే 1,361 మాత్రమే. ఎఫిషియెన్సీ 0.64. మీ 1,700 దీనికి నిలవదు. ఈ పద్ధతి కొంచెం జాగ్రత్త వైపు మొగ్గుతుంది, 1,200 మి.మీ. స్పేసింగ్‌కు కూడా 0.82 ఇస్తుంది. అందుకే దీన్ని తీర్పుగా కాక హెచ్చరికగా చూస్తాను. మీ గ్రూపు హద్దుకు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు 1,780కీ 1,700కీ మధ్య మిగిలిన 80 కిలోన్యూటన్లను మిగులు అని పిలవలేం. కోత బలం అంచనాలో ఉండే తేడాయే అంతకు ఎన్నో రెట్లు.

కోత బలం మాట వచ్చింది కాబట్టి ఒక మాట. మీ రిపోర్టులో ఎస్పీటీ విలువ, అంటే గొట్టాన్ని మట్టిలోకి దించడానికి పట్టిన సుత్తి దెబ్బల సంఖ్య, 2 అనో 3 అనో ఉండి, దాని నుంచి ఏదో గుణకంతో కోత బలం రాసి ఉంటే దాన్ని పక్కన పెట్టండి. మెత్తని బంకమట్టిలో ఒకటి రెండు దెబ్బల తేడాతో కోత బలం సగానికో రెట్టింపుకో మారిపోతుంది. మట్టిలో రెక్కలు తిప్పి కోత బలాన్ని అక్కడికక్కడే కొలిచే వేన్ షియర్ టెస్ట్ అడగండి. మట్టి ప్లాస్టిసిటీ ఎక్కువైతే వేన్ చూపిన విలువను బెరుమ్ సవరణతో తగ్గించాలి.

టెస్ట్ పైల్ పాసయిందని రాశారు. సంతోషమే, కానీ అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. 400 మి.మీ. పైల్ కొన కింద మహా అయితే మీటరు లోతు మట్టిని ఇబ్బంది పెడుతుంది. 2.8 మీటర్ల దిమ్మె కూలేటప్పుడు కదిలించే మట్టి ఆ వెడల్పుతోపాటు లోతుకు వెళ్తుంది. కొన కింద ఒకటిన్నర మీటర్ల గట్టి పలుచటి పొర, దాని కింద మళ్ళీ మెత్తని మట్టి ఉన్నాయనుకోండి. ఒంటరి పైల్ ఆ గట్టి పొర మీద కూర్చుని టెస్ట్‌లో దర్జాగా నిలబడుతుంది. గ్రూపు మాత్రం ఆ పొరతో సహా కింది మెత్తటి మట్టిలోకి దిగిపోగలదు. పైల్ కొన కింద కనీసం గ్రూపు వెడల్పుకు రెట్టింపు లోతు దాకా ఏముందో బోర్‌హోల్‌లో కనిపించాలి. పూర్తి గ్రూపును లోడ్ టెస్ట్ చేయడం మామూలు భవనాల్లో ఎవరూ చేయరు, కాబట్టి బ్లాక్ ఫెయిల్యూర్‌ను కనిపెట్టే ఏకైక సాధనం ఈ లెక్కా, దాని వెనకున్న బోర్‌హోలూ.

ఇప్పుడు మొదట చెప్పిన అసలు ఇబ్బందికి వద్దాం. ఇంతసేపూ చూసింది గ్రూపు కూలుతుందా లేదా అని. కూలకుండా ఎంత దిగుతుందో ఎవరూ మీకు చెప్పలేదు. ఘర్షణ పైల్స్ గ్రూపును పొడవులో మూడింట రెండు వంతుల లోతున, అంటే 8 మీటర్ల దగ్గర, 2.8 మీటర్ల చదరపు రాఫ్ట్‌గా ఊహిస్తారు. అక్కడి నుంచి 18 మీటర్ల దాకా 10 మీటర్ల బంకమట్టి మిగిలి ఉంది. దాన్ని ఐదేసి మీటర్ల రెండు పొరలుగా తీసుకుని, లోడు రెండు మీటర్ల లోతుకు ఒక్కో పక్కకు ఒక మీటరు చొప్పున విస్తరిస్తుందనుకుంటే, పై పొర మధ్యలో అదనపు ఒత్తిడి 60 కిలోపాస్కల్స్, కింది పొర మధ్యలో 16. నీటి మట్టం నేల దగ్గరే ఉందనీ, నీటిలో మునిగిన మట్టి బరువు ఘనమీటరుకు 6 కిలోన్యూటన్లనీ అనుకుంటే ఆ లోతుల్లో ముందు నుంచీ ఉన్న ఒత్తిళ్ళు 63, 93. కంప్రెషన్ ఇండెక్స్ 0.5, మొదటి వాయిడ్ రేషియో 1.5 అనుకుందాం. మెత్తని సముద్రపు బంకమట్టికి ఇవి అతి సంఖ్యలేమీ కావు.

```
పై పొర  : 0.2×5×log10((63+60)/63) = 0.29 m
కింది పొర : 0.2×5×log10((93+16)/93) = 0.07 m
```

మొత్తం 36 సెంటీమీటర్లు. బంకమట్టి మీద విడి ఫుటింగులున్న ఆర్‌సీసీ భవనానికి ఐఎస్ 1904 ఒప్పుకునేది 75 మిల్లీమీటర్లు. పక్కన చోటు దొరికి స్పేసింగ్‌ను మూడు రెట్లకు పెంచారనుకోండి, అదే లెక్కలో 27 సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఎఫిషియెన్సీని 1.0కు తెచ్చినా భవనం దిగడం ఆగదు. ఇది ఒక్కరోజులో జరగదు. మట్టిలోంచి నీరు బయటికి పోయేకొద్దీ ఏళ్ళ తరబడి సాగుతుంది. టెస్ట్ పైల్ మీద ఒకటి రెండు రోజులు బరువుంచి చూస్తే ఇందులో ఏదీ కనిపించదు. భవనంలో తక్కిన కాలమ్స్ ఇసుక దాకా వెళ్ళిన పైల్స్ మీద ఉండి, ఈ ఒక్కటే తేలుతూ ఉంటే పరిస్థితి ఇంకా చెడ్డది. అప్పుడు దిగేది ఆ ఒక్క మూలే.

కాబట్టి స్పేసింగ్ గురించి వాదించడం ఆపి, పొడవు గురించి అడగండి. 18 మీటర్ల దగ్గర గట్టి ఇసుక, ఆ కింద శిథిల శిల ఉన్నాయని మీ రిపోర్టే చెబుతోంది. దానికి ఆరు మీటర్ల పైన పైల్స్ ఆపేయడానికి కారణం నాకు కనిపించడం లేదు. 12 మీటర్ల రిగ్ చేతిలో ఉండటమే కారణమైతే అది కారణమే కాదు. 500 మి.మీ. వ్యాసం, 20 మీటర్ల పొడవుతో నాలుగు పైల్స్ వేస్తే ఒక్కోదాని మీద 425 కిలోన్యూటన్లు పడతాయి. కాంక్రీటుకు అది పెద్ద బరువు కాదు, గట్టి ఇసుకలో మోయడమూ సాధారణంగా కష్టం కాదు, టెస్ట్‌తో రూఢి చేసుకోవాలి. గట్టి పొర మీద ఆనే పైల్స్‌కు రెండున్నర రెట్ల దూరం, అంటే 1.25 మీటర్లు చాలు. బయటి అంచు నుంచి అంచుకు 1.75 మీటర్లు. మీ 3.2 మీటర్ల చోటులో క్యాప్ సులువుగా ఇముడుతుంది. కొన కింద మెత్తని మట్టి లేకపోతే దిమ్మె కూలే మాటే రాదు.

ఖర్చు మాట తప్పకుండా వస్తుంది కాబట్టి అదీ చూద్దాం. ఇప్పటి డ్రాయింగ్‌లో 192 మీటర్ల బోరింగు, దాదాపు 24 ఘనమీటర్ల కాంక్రీటు. నాలుగు పైల్స్ పద్ధతిలో 80 మీటర్లు, 16 ఘనమీటర్లలోపు. క్యాప్ కూడా చిన్నదవుతుంది. లోతు ఎక్కువ, ఇసుకలో బెంటోనైట్‌తో బోరు నిలపాలి, కాంక్రీటు వేసేముందు అడుగును బాగా శుభ్రం చేయాలి, కాబట్టి మీటరు రేటు పెరుగుతుంది. అయినా మొత్తం మీద ఎక్కువ కాదనే నా అంచనా.

ఒక్క సంగతి అదనంగా చూసుకోవాలి. ఈ మధ్య ఆ స్థలంలో ఎత్తు పెంచడానికి మట్టి పోశారా? పోసి ఉంటే కింద బంకమట్టి దిగుతూ, గట్టి పొర మీద ఆగిన పైల్స్‌ను కిందికి లాగుతుంది. 500 మి.మీ. పైల్‌కు ఆ లాగుడు కాలమ్ నుంచి వచ్చే లోడుతో పోటీ పడేంత ఉండొచ్చు. దాన్ని లోడుకు కలిపి చూశాక నాలుగు చాలవనిపిస్తే ఐదో ఆరో వేయండి. చోటుంది.

ఏ కారణం చేతనైనా 800 మి.మీ. స్పేసింగ్‌తోనే ముందుకు వెళ్ళాల్సి వస్తే వేసే వరుస మీద కన్నేసి ఉంచండి. పైల్‌కూ పైల్‌కూ మధ్య మిగిలేది 400 మి.మీ. మట్టే. నిన్న పోసిన కాంక్రీటు పక్కనే ఈరోజు బోరు తవ్వితే మెత్తని మట్టి బోరు వైపు ఒరిగి, పచ్చి పైల్‌ను సన్నబరచగలదు. ఒకటి విడిచి ఒకటి వేసి, కాంక్రీటు గట్టిపడ్డాక మధ్యవి వేయించండి. ఒక్కో పైల్‌కు పట్టిన కాంక్రీటు పరిమాణాన్ని లెక్క ప్రకారం పట్టాల్సిన దానితో పోల్చి రాసుకోండి. తక్కువ పట్టిన పైల్ కనిపిస్తే ఇంటెగ్రిటీ టెస్ట్ చేయించకుండా క్యాప్ వేయనివ్వకండి.

డిజైన్ చేసినవాళ్ళకు ఉత్తరం రాసేటప్పుడు ఎఫిషియెన్సీ ఎంత అని అడక్కండి. మూడు కాగితాలు అడగండి: వేన్ షియర్ ఫలితాలతో దిమ్మె లెక్క, ఆ గోడ పక్కనే శిథిల శిలలోకి కనీసం మూడు మీటర్లు వెళ్ళిన బోర్‌హోల్ లాగ్, ఈ కాలమ్‌కూ పక్క కాలమ్‌కూ మధ్య సెటిల్‌మెంట్ తేడా ఎంతో చూపే లెక్క. మూడోది వాళ్ళ దగ్గర ఇప్పటికే ఉంటే నాకు ఆశ్చర్యమే.